ఆఫీసు గ్రూపులో ఉగాది పలకరింపు

ఉగాది ఉదయం ఆఫీసు గ్రూపులో పెట్టే శుభాకాంక్షకూ బంధువులకు పంపే శుభాకాంక్షకూ తేడా ఉంది. బంధువుల గ్రూపులో ఎవరు బాబాయో, ఎవరు చెల్లెలో, ఏ ఇంట్లో ఈ ఏడు ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఆఫీసు గ్రూపులో అలా కాదు. పైఅధికారి, మొన్ననే ఉద్యోగంలో చేరిన అమ్మాయి, తెలుగు చదవడం రాని సహోద్యోగి, అసలు ఉగాది చేసుకోని వారు, అందరూ ఒకే సందేశాన్ని చదువుతారు. పైగా ఆ మాట అక్కడే ఉండిపోతుంది. మూడు నెలల తరువాత ఏదో ఫైలు కోసం గ్రూపును వెనక్కి తిప్పేవారి కంటికి అది మళ్లీ తగులుతుంది. అందుకే ఆ నాలుగు వాక్యాలను కాస్త ఆలోచించి రాయాలి.

2026 ఉగాదినే తీసుకుంటే ఈ పనిలోని చిక్కులన్నీ ఒకచోట కనిపిస్తాయి. చైత్ర శుద్ధ పాడ్యమి ఆ ఏడాది మార్చి 19, గురువారం నాడు వచ్చింది. సంవత్సరం పేరు పరాభవ. హైదరాబాద్‌లో పన్నెండు మంది పనిచేసే ఒక అకౌంట్స్ విభాగాన్ని ఊహించుకుందాం. అందులో ఏడుగురు తెలుగువారు, ఇద్దరు కన్నడిగులు, ఒక మరాఠీ ఆయన, చెన్నై నుంచి పనిచేసే ఒక తమిళ అమ్మాయి, కాలిఫోర్నియాలో ఉండే మరో తెలుగాయన. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది కాబట్టి అందరూ లెక్కల ఒత్తిడిలోనే ఉన్నారు. పండుగ నాడు ఇద్దరికి డ్యూటీ తప్పలేదు. ఆ విభాగాన్ని నడిపే ఆవిడ ముందు రోజు రాత్రి ఫోనులో ఇలా టైపు చేసి ఉంచారనుకుందాం.

“డియర్ ఆల్, మీకు మరియు మీ కుటుంబ సభ్యులకు ప్రభవ నామ సంవత్సర ఉగాది హార్ధిక శుభాకాంక్షలు. ఈ ఉగాది మీ జీవితాలలో ఆయురారోగ్యాలు, అష్టైశ్వర్యాలు, సుఖసంతోషాలు నింపాలని ఆ భగవంతుడిని మనస్ఫూర్తిగా కోరుకుంటూ... గమనిక: పెండింగ్ బిల్లులు సాయంత్రం ఐదు లోపు పంపగలరు.”

ఇలాంటి సందేశాన్ని ఎవరూ తప్పుపట్టరు. పది మందీ చేతులు జోడించిన బొమ్మ పెట్టి ముందుకు వెళ్లిపోతారు. కానీ ఇది ఎవరినీ పలకరించదు. ఈ జట్టు పేరు తీసేసి ఏ జట్టుకు పంపినా ఇలాగే ఉంటుంది. ఒక్కొక్క మాటా పట్టి చూస్తే ఎక్కడ సర్దాలో తెలుస్తుంది.

మొదట సంవత్సరం పేరు. తెలుగు సంవత్సరాలు అరవై. అవి ప్రభవతో మొదలై అక్షయతో ముగిసి, మళ్లీ ప్రభవకు వస్తాయి. ఇప్పుడు నడుస్తున్న ఆవృత్తిలో ప్రభవ 1987లో వచ్చింది. అక్కడి నుంచి లెక్కపెడితే నలభయ్యవది పరాభవ. ప్రభవ, పరాభవ పలకడానికి దగ్గరగా ఉంటాయి, ఫోను కీబోర్డు ఒకటి కొడితే మరొకటి సూచిస్తుంది. కానీ ఆ రెంటి మధ్య దూరం 39 ఏళ్లు. ఇలా తడబడే పేర్లు ఇంకా ఉన్నాయి. 2022లో శుభకృత్, 2023లో శోభకృత్ వచ్చాయి. 2021లో వచ్చింది ప్లవ, 2027లో వచ్చేది ప్లవంగ. 2025 నాటి విశ్వావసును చాలామంది విశ్వవసు అనో, విశ్వవాసు అనో రాశారు. పండుగ ముందు వచ్చిన ఫార్వర్డు సందేశం నుంచి పేరు తీసుకుంటే అందులోని తప్పు కూడా వెంట వస్తుంది. ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండరు మీదో, పంచాంగం అట్ట మీదో ఉన్న పేరు చూసి అక్షరం అక్షరం రాసుకోవడమే నమ్మకమైన దారి.

పరాభవతో ఇంకో ఇబ్బంది ఉంది. పరాభవం అంటే తెలుగులో అవమానం, ఓటమి. క్రికెట్ వార్తల్లో తరచుగా వినపడే మాట. ఆ పేరు పెట్టి శుభాకాంక్షలు చెప్పడమెలాగన్న సందేహం సహజమే. 2024లో క్రోధి, 2019లో వికారి, 2016లో దుర్ముఖి వచ్చినప్పుడూ ఇదే సందేహం కలిగింది. దీనికి సంప్రదాయం చాలాకాలం కిందటే ఒక దారి చూపించింది. పేరుకు ముందు శ్రీ, తరువాత నామ చేర్చి “శ్రీ పరాభవ నామ సంవత్సరం” అంటారు. పూజలో సంకల్పం చెప్పుకునేటప్పుడు కూడా సంవత్సరం పేరు పక్కన నామ అనే మాట తప్పకుండా ఉంటుంది. అది కేవలం పేరు, ఏడాది ఎలా ఉంటుందో చెప్పే జోస్యం కాదు అని ఆ చిన్న మాట తేల్చేస్తుంది. దాన్ని వదిలేసి “పరాభవ సంవత్సర శుభాకాంక్షలు” అంటేనే అర్థం ఎదురు తిరుగుతుంది.

పేరు రాయకపోయినా తప్పేమీ లేదు. “ఉగాది శుభాకాంక్షలు” అన్న రెండు మాటలే నిండుగా ఉంటాయి. జట్టు ఈమధ్యే ఒక పెద్ద కాంట్రాక్టు చేజార్చుకుని ఉంటే, లేదా ఎవరికో పదోన్నతి ఆగి ఉంటే, పరాభవ అన్న పేరు పక్కన పెట్టడమే మంచిది. పేరుతో చమత్కారాలు చేయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ పనికిరాదు. పరాభవం మనది కాదు, పోటీ సంస్థది అనే రకం మాట ఒకరిద్దరిని నవ్వించవచ్చు. ఆ నెలలో నిజంగా దెబ్బతిన్న మనిషికి అదే మాట తనను ఉద్దేశించి అన్నట్టు వినపడుతుంది.

ఇక భాష. “మీకు మరియు మీ కుటుంబ సభ్యులకు” అన్నది ఇంగ్లీషు వాక్యం తెలుగు అక్షరాల్లో కూర్చున్న తీరు. తెలుగులో ఇద్దరిని కలపడానికి మధ్యలో ప్రత్యేకంగా మాట అక్కరలేదు, చివరి అచ్చు సాగితే చాలు. “మీకూ, మీ ఇంట్లో వారికీ” అంటే అదే అర్థం నోటికి సులువుగా వస్తుంది. కుటుంబ సభ్యులు అన్నది రేషన్ కార్డు మీద మాట. ఇంట్లో వారు అన్నప్పుడు అమ్మా, నాన్నా, పిల్లలూ కళ్లముందు కనపడతారు. పైగా ఒంటరిగా హాస్టల్లో ఉండే కుర్రాడికీ, భార్యాభర్తలు వేరువేరు ఊళ్లలో ఉండేవారికీ కూడా ఆ మాట సరిపోతుంది.

హార్దిక అన్న మాట హృదయానికి సంబంధించినది. హృద్ నుంచి పుట్టింది కాబట్టి అందులో దకు వత్తు ఉండదు. హార్ధిక అని రాయడం ఎంత అలవాటయిందంటే, సరిగా రాస్తే కొందరికి తప్పులా కనిపిస్తుంది. నిజానికి ఆ మాట అవసరం కూడా లేదు. హృదయపూర్వక, మనస్ఫూర్తిగా, హార్దిక అన్నవి ఒకే సందేశంలో పోగుపడితే మనసు కనపడదు, మాటలే కనపడతాయి. శుభాకాంక్షలు అన్న మాటలోనే కోరిక ఉంది. ఆకాంక్ష అంటే కోరికే. “శుభాకాంక్షలు కోరుకుంటున్నాను” అని చాలామంది రాస్తారు గానీ, అందులో కోరుకోవడం రెండుసార్లు వచ్చింది. శుభాకాంక్షలు తెలుపుతారు, చెబుతారు. శుభం కోరుకుంటారు.

డియర్ ఆల్ ఉత్తరాల్లో చెల్లుతుంది, పండుగ పూట చల్లగా తగులుతుంది. హాయ్ గైస్ మరీ తేలిక. అందరికీ నమస్కారం అన్నది ఎప్పుడూ చెడదు. అది పైఅధికారికీ సరిపోతుంది, కొత్తగా చేరిన వారికీ సరిపోతుంది. తెలుగులో మీరు, నువ్వు అన్న తేడా ఉండటం వల్ల జట్టు మొత్తాన్ని పలకరించేటప్పుడు మీరు తప్పదు. విడిగా ఒకరిని నువ్వు అని పిలిచే చనువున్నా సరే, గ్రూపులో బహువచనమే. కొందరి పేర్ల పక్కన గారు పెట్టి మరికొందరి పక్కన పెట్టకపోతే ఆ తేడా వెంటనే కంట్లో పడుతుంది. అందుకని పేర్లు రాయకుండా అందరినీ కలిపి పలకరించడం సురక్షితం. పేర్లు రాస్తే పన్నెండూ రాయాలి.

ఆయురారోగ్యాలు, అష్టైశ్వర్యాలు అన్నవి మంచి మాటలే. ఇంటి పెద్దలు తలమీద చెయ్యి పెట్టి దీవించేటప్పుడు వాటికి బరువుంటుంది. అక్కడ పెద్దరికం ఉంది, చేతి స్పర్శ ఉంది. ముప్పయ్యేళ్ల మేనేజరు యాభయ్యేళ్ల క్యాషియరుకు అష్టైశ్వర్యాలు కలగాలని గ్రూపులో రాస్తే అది దీవెన కాదు, పెళ్లిపత్రిక భాష అవుతుంది. ఆఫీసు పలకరింపుకు ఆప్యాయత వచ్చేది ఇంకో దారిన. ఆ పన్నెండు మందికే చెందిన ఒక నిజమైన విషయం అందులో ఉండాలి. ఈ అకౌంట్స్ జట్టు ఆడిట్‌కు కావలసిన కాగితాలన్నీ గడువుకు ముందే సిద్ధం చేసి ఉంటే ఆ ఒక్క సంగతి చాలు. అది చిన్నది, నిజమైనది, అందరిదీ. ఒకరిద్దరిని పేరు పెట్టి మెచ్చుకోవడానికి పండుగ సందేశం తగిన చోటు కాదు, మిగతా పదిమంది పండుగ పూట తమను పోల్చుకుంటారు. పండుగ రోజు డ్యూటీలో ఉన్నవారి ప్రస్తావన మాత్రం వేరు. వారు ఇల్లు వదిలి వచ్చారు. ఆ సంగతి గుర్తించకుండా అందరికీ హాయిగా సెలవు గడపండి అని రాస్తే ఆ ఇద్దరికీ అది గుచ్చుకుంటుంది.

ఉగాది పచ్చడి గురించి రాయాలన్న కోరిక చాలామందికి కలుగుతుంది. వేపపువ్వు చేదు, కొత్త బెల్లం తీపి, కొత్త చింతపండు పులుపు, మామిడి పిందె వగరు, ఉప్పు, కారం. ఆరు రుచులనూ జీవితంతో పోల్చడం ప్రతి ఏటా ప్రతి గ్రూపులో వినేదే. ఆఫీసులో ఆ పోలికకు ఒక ప్రమాదం ఉంది. మార్చి నెలాఖరున చాలాచోట్ల పనితీరు సమీక్షలు జరుగుతుంటాయి. చేదును కూడా తీపిలాగే స్వీకరించాలని మేనేజరు రాస్తే, జీతం పెరగని వారికి అది తమకు చెప్పిన ఓదార్పులాగో, హెచ్చరికలాగో వినపడుతుంది. పచ్చడి గురించి రాయదలిస్తే రుచి గురించే రాయడం మేలు. తెలంగాణలో చాలా ఇళ్లలో పచ్చడిని కుండలో కలిపి గ్లాసులతో తాగేంత పలుచగా చేస్తారు, కోస్తాలో చెంచాతో తినేలా చిక్కగా చేస్తారు. కన్నడిగులు బేవు బెల్ల పేరుతో వేపనూ బెల్లాన్నీ కలిపి తింటారు. మీ ఇంట్లో ఎలా చేస్తారన్న ప్రశ్న ఒకటి సందేశం చివర ఉంటే, గ్రూపులో ఆ పూట నిజమైన కబుర్లు మొదలవుతాయి.

ఆ ప్రశ్నకు ఒక హద్దు ఉంది. తెలుగు ఇళ్లలో దగ్గరివారు పోయి ఏడాది తిరగకపోతే పండుగలు చేసుకోరు. జట్టులో అలాంటి వారు ఉంటే ఫొటోలు పెట్టండి, పచ్చడి చూపించండి అని అందరినీ అడగడం వారిని ఇరుకున పెడుతుంది. కొత్త ఏడాది మేలు జరగాలన్న కోరిక వారికీ చెందుతుంది, పండుగ ఎలా చేశారన్న ప్రశ్న చెందదు. అలాంటప్పుడు గ్రూపులో ప్రశ్న వదిలేసి, వారికి విడిగా ఒక మాట రాయడం మనసెరిగిన పని.

దేవుడి ప్రస్తావన, దేవతల బొమ్మలు, శ్లోకాలు, రాశిఫలాలు ఇంటి గ్రూపులో హాయిగా ఉంటాయి. ఆఫీసులో వేర్వేరు మతాల వారుంటారు, ఏ మతం పాటించని వారూ ఉంటారు. అందుకే భగవంతుడిని కోరుకుంటూ అన్న మాట తీసేస్తే కోరికకు లోటేమీ రాదు. రాశిఫలాల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అని పంచాంగంలో ఉండే అంకెల పట్టికను కొందరు సరదాగా గ్రూపులో పెడతారు. ఒక రాశికి అవమానం ఏడు అని వస్తే, ఆ రాశివారు ఎవరో జట్టులో అందరికీ తెలిసి ఉంటే, ఆ సరదా ఎక్కువసేపు నిలవదు.

ఉగాది తెలుగువారి ఒక్కరి పండుగ కాదన్న సంగతి సందేశంలో ఒక వాక్యంగా కనపడితే బాగుంటుంది. అదే రోజు కన్నడిగులకు యుగాది, మరాఠీవారికి గుడి పడ్వా. తమిళుల పుత్తాండు సౌరమానం లెక్కన ఏప్రిల్ మధ్యలో వస్తుంది. కాబట్టి చెన్నై అమ్మాయికి మార్చి 19న హ్యాపీ న్యూ ఇయర్ అని చెప్పడం కుదరదు, ఉగాది శుభాకాంక్షలు అనడం మాత్రం కుదురుతుంది. దక్షిణాది నూతన సంవత్సరం అనే మాట రాస్తే తమిళులూ మలయాళీలూ మాది ఇంకా రాలేదే అనుకుంటారు. తెలుగు లిపి చదవలేని వారి కోసం అదే విషయాన్ని ఇంగ్లీషులో ఒక చిన్న వాక్యంగా కింద రాయాలి. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే తెలుగు వచ్చినవారు తడుముకుంటారు, రానివారికి అది ఎలాగూ అర్థం కాదు.

చివరి గమనిక సంగతి. పండుగ సందేశం కింద పెండింగ్ బిల్లుల మాట చేరితే, పైన రాసిందంతా ఆ మాట చెప్పడానికి వేసిన ముసుగులా కనిపిస్తుంది. పని నిజంగా తొందరదయితే అది వేరే సందేశంగా, సంబంధించిన వారికే, కాస్త వ్యవధి ఇచ్చి వెళ్లాలి.

సమయం కూడా ఆలోచించుకోవాలి. జనవరి ఒకటి అలవాటుతో కొందరు అర్ధరాత్రి పన్నెండింటికి శుభాకాంక్ష పెడతారు. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. ఉగాది ముందు అర్ధరాత్రి ఇంకా ఫాల్గుణ అమావాస్య రోజు కిందే లెక్క. తెల్లవారాక తలంటు, మామిడి తోరణం, పచ్చడి పనులతో ఇళ్లు సందడిగా ఉంటాయి, ఎనిమిది దాటాక ఫోను చేతికి వస్తుంది. హైదరాబాద్‌లో గురువారం ఉదయం ఎనిమిదయితే కాలిఫోర్నియాలో అది బుధవారం రాత్రి ఏడున్నర. అక్కడి ఆయన ఆ సందేశం చదివేసరికి ఆయనకింకా ఉగాది రాలేదు. అది పెద్ద లోపమేమీ కాదు గానీ, నేడు, ఈ ఉదయం వంటి మాటలు లేకుండా రాస్తే రెండు చోట్లా చెల్లుతుంది. స్లాక్ వంటి చోట `@channel` పెడితే సెలవులో ఉన్నవారి ఫోన్లు కూడా మోగుతాయి. శుభాకాంక్షకు ఆ మోత అక్కరలేదు, చూసినవారు చూసినప్పుడు చదువుకుంటారు.

ఇవన్నీ సర్దాక ఆవిడ సందేశం ఇలా మారుతుంది.

“అందరికీ నమస్కారం. మీకూ, మీ ఇంట్లో వారికీ శ్రీ పరాభవ నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు. యుగాది, గుడి పడ్వా జరుపుకునే మన మిత్రులకు కూడా. ఆడిట్ కాగితాలన్నీ గడువుకు ముందే సిద్ధం చేశారు, ఆ శ్రమ నేను చూశాను. కొత్త ఏడాది మీ అందరికీ ఆరోగ్యంగా, తెరిపిగా గడవాలి. పండుగ పూట డ్యూటీలో ఉన్న ఇద్దరికీ ప్రత్యేకంగా ధన్యవాదాలు. మీ ఇంట్లో పచ్చడి పలుచగా చేస్తారా, చిక్కగానా?”

ఇది ముప్పై సెకన్లలో చదవగలిగినంతే ఉంది. మేనేజరు రాసింది కాబట్టి శ్రమ గురించిన వాక్యం నప్పింది. జట్టులో చిన్న ఉద్యోగి రాస్తున్నట్టయితే ఆ వాక్యం తీసేసి, ఈ ఏడాది మీ అందరి దగ్గర పని నేర్చుకున్నాను అన్న మాట పెట్టుకోవచ్చు. పైవారిని మెచ్చుకునే హక్కు చిన్నవారికి లేదని కాదు, ఆ మెప్పు నలుగురిలో చెబితే ముఖస్తుతిలా వినపడుతుంది.

జవాబుల విషయం సులువు. గ్రూపులో మొదటి ఇద్దరు ముగ్గురు “ధన్యవాదాలు, మీకూ ఉగాది శుభాకాంక్షలు” అని రాస్తే, తరువాతివారు ఒక నమస్కారం గుర్తుతో సరిపెట్టినా అమర్యాద కాదు. పచ్చడి ప్రశ్నకు మాత్రం మాటల్లోనే జవాబు ఇవ్వాలి, అడిగింది అందుకే. డ్యూటీలో ఉన్నవారు పని ఒత్తిడిలో ఆ రోజంతా జవాబు ఇవ్వలేకపోవచ్చు. మర్నాడు ఇచ్చినా అది ఆలస్యం కిందికి రాదు.

ఒక పండుగకు ఇంత శ్రద్ధగా రాసినప్పుడు మిగతావారి పండుగలకు ఒక్క మాటైనా రాకపోతే ఆ తేడా తెలిసిపోతుంది. 2025లో ఉగాది మార్చి 30 ఆదివారం వచ్చింది, మర్నాడే రంజాన్ పండుగ. ఆదివారం నిండుగా నాలుగు వాక్యాలు రాసి, సోమవారం ఒక బొమ్మతో సరిపెట్టిన గ్రూపులో ముస్లిం సహోద్యోగికి రెండూ పక్కపక్కనే కనపడ్డాయి. 2026లో ఈ పన్నెండు మంది జట్టుకు ఉగాది తరువాత నెలలోపే పుత్తాండు ఉంది. చెన్నై అమ్మాయి కోసం ఏప్రిల్ 14 తేదీని ఉగాది సందేశం రాసిన పూటే క్యాలెండరులో గుర్తు పెట్టుకుంటే, ఆ రోజు మరిచిపోయే వీలుండదు.